డ్రోన్ థర్మల్ కెమెరాతో సోలార్ ప్యానెళ్లలో హాట్‌స్పాట్లు పట్టుకోవడం ఎలా?

"డ్రోన్ కొన్నాం, థర్మల్ ఫోటోలు తీశాం, ఎక్కడ చూసినా ఎర్రటి చుక్కలే. వీటిలో నిజంగా చెడిపోయిన ప్యానెళ్లు ఏవి?" నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఎగరేయడం ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. ఫోటోలో మెరిసిన చుక్క నిజమైన హాట్‌స్పాటా, ఎండ ప్రతిబింబమా, పక్షి రెట్టా అని తేల్చడమే అసలు పని. అందుకే ఇందులో ఎగరేయడం గురించి తక్కువ, తేల్చడం గురించి ఎక్కువ రాశాను.

ఉదాహరణకి అనంతపురం దగ్గర నేను చూసిన ఒక మెగావాట్ ప్లాంట్‌ను తీసుకుంటాను. నేల మీద బిగించిన, దక్షిణానికి 15 డిగ్రీల వాలున్న 540 వాట్ల హాఫ్‌కట్ ప్యానెళ్లు, అంటే సగానికి కోసిన సెల్స్‌తో చేసినవి. ఒకదానికొకటి కలిపిన ప్యానెళ్ల వరసను స్ట్రింగ్ అంటారు, ఒక్కో స్ట్రింగ్‌కి 28. మీ ప్లాంట్ వేరుగా ఉంటే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందుగా ఒక్క మాట

ప్యానెల్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఒక సెల్ పగిలినా, దాని మీద నీడ పడినా అది మిగతావాటంత కరెంటు ఇవ్వలేదు. అప్పుడు మిగతా సెల్స్ దాని గుండా కరెంటును బలవంతంగా తోస్తాయి. అది కరెంటు ఇవ్వడం మానేసి, కరెంటు తింటూ వేడెక్కుతుంది. అదే హాట్‌స్పాట్. కరెంటు పారుతుంటేనే ఇదంతా జరుగుతుంది. కాబట్టి ఇన్వర్టర్ ఆగి ఉన్నప్పుడు ఎంత మంచి కెమెరా పెట్టినా హాట్‌స్పాట్ కనపడదు.

కావలసినవి

- 640×512 పిక్సెల్ థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్. ప్రతి పిక్సెల్‌కి ఉష్ణోగ్రత దాచుకునే ఫోటో, అంటే రేడియోమెట్రిక్ జేపెగ్, ఇవ్వగలగాలి. నేను డీజేఐ మావిక్ 3టీ లెక్కలు చెబుతున్నాను. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది కాబట్టి, మన దగ్గర తయారైన డ్రోన్‌కి ఇలాంటి కెమెరా బిగించినది తీసుకున్నా సరిపోతుంది.
- ఎండ తీవ్రత కొలిచే మీటర్. ప్లాంట్‌లో పైరనోమీటర్ ఉంటే సరే. లేకపోతే చేతిలో పట్టుకునే సోలార్ పవర్ మీటర్‌ను ప్యానెల్ వాలుకి సమానంగా ఆనించి కొలవండి. నేలకి సమాంతరంగా పట్టుకుంటే లెక్క తప్పుతుంది.
- డీసీ క్లాంప్ మీటర్, మల్టీమీటర్. రెండూ 1500 వోల్ట్ల డీసీకి రేట్ అయినవి కావాలి.
- ప్లాంట్ లేఅవుట్ డ్రాయింగ్. వరసలకు, టేబుళ్లకు, అంటే ప్యానెళ్లు బిగించిన స్టాండ్లకు, నంబర్లు ఉండాలి.
- విండోస్ కంప్యూటర్, అందులో DJI Thermal Analysis Tool 3. ఇది ఉచితమే, కానీ డీజేఐ ఫోటోలకే. వేరే కెమెరా అయితే దాని సాఫ్ట్‌వేర్ వాడండి.

డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. డబ్బు తీసుకుని చేసే పని అయితే డ్రోన్ రూల్స్, 2021 ప్రకారం పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. బయలుదేరే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి.

1. రోజు, వేళ ఎంచుకోండి

ఈ తనిఖీకి ఐఈసీ 62446-3 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్యానెల్ మీద చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ పడాలి, గాలి గంటకి 28 కిలోమీటర్లు దాటకూడదు. దీనికి నా వంతుగా ఒకటి కలుపుతాను: మబ్బులు వచ్చి పోతున్న రోజు మానుకోండి. మబ్బు దాటిపోయాక ప్యానెల్ మళ్లీ నిలకడగా వేడెక్కడానికి పది నిమిషాలైనా పడుతుంది. ఈలోపు తీసిన ఫోటోలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు.

వేళ విషయంలో చాలామంది చేసే తప్పు, ఎండ ఎక్కువ కదా అని మిట్టమధ్యాహ్నం ఎగరేయడం. ప్యానెల్ గాజు థర్మల్ కెమెరాకి సగం అద్దం లాంటిది. 15 డిగ్రీల వాలున్న ప్యానెల్‌ను నిట్టనిలువుగా పైనుంచి చూస్తే, దక్షిణ ఆకాశంలో 60 డిగ్రీల ఎత్తున ఉన్న భాగం ప్రతిబింబిస్తుంది. అనంతపురంలో నవంబరు మొదట్లోనూ, ఫిబ్రవరి మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా అక్కడే ఉంటాడు. మధ్యలో ఉన్న చలికాలమంతా కూడా ఆ దగ్గర్లోనే తిరుగుతాడు. అంటే ఆ నెలల్లో మధ్యాహ్నం తీసిన ప్రతి ఫోటోలో సూర్యుడే ఒక "హాట్‌స్పాట్".

చలికాలంలో అయితే పొద్దున 10 నుంచి 10:45 మధ్య, లేదా మధ్యాహ్నం 2:15 తర్వాత ఎగరేయండి. పవర్ మీటర్ 600 దాటి చూపిస్తుంటే చాలు. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఈ చిక్కు తక్కువ. కానీ ఈ డ్రోన్ 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారైంది. మే నెల అనంతపురంలో ఆ హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు కాబట్టి, అప్పుడు కూడా పొద్దున్నే పూర్తిచేయండి.

2. ఎగరేసే ముందు ఇన్వర్టర్ గదికి వెళ్లండి

ప్రతి ఇన్వర్టర్ నడుస్తోందా, ఎంత పవర్ ఇస్తోంది అన్నది రాసుకోండి. ఎగరేయడం పూర్తయ్యాక మళ్లీ చూడండి. నేను దీన్ని ఎందుకు పట్టుకుని చెబుతున్నానంటే, ఒకసారి నేను ఎగరేస్తుండగా గ్రిడ్ పోయింది. అది నాకు తెలియలేదు. ఫోటోల్లో సగం ప్లాంట్ ఒకేలా వేడిగా కనిపిస్తే, స్ట్రింగులన్నీ తెగిపోయాయని ఓనర్‌కి ఫోన్ చేశాను. ఆయన టెన్షన్ పడి పరుగెత్తుకొచ్చారు. ఇన్వర్టర్ లాగ్ తెరిచి చూస్తే 25 నిమిషాల పవర్ కట్. ఆ రోజు నుంచి లాగ్ చూడకుండా ఫోటో తెరవను.

అలాగే ప్యానెళ్లు కడిగి కనీసం ఒక రోజు ఆరినవై ఉంటే మంచిది. దుమ్ము, రెట్టలతో ఎగరేస్తే సగం సమయం వాటిని ఏరివేయడానికే పోతుంది.

3. కెమెరా సెట్ చేయండి

డ్రోన్ ఆన్ చేసి, ఎగరేసే ముందు పది నిమిషాలు అలాగే ఉంచండి. సెన్సర్ వేడి నిలకడకు రాకపోతే కొలతలు మెల్లగా జారుతాయి. ఆ తర్వాత:

- వీడియో వద్దు, ఫోటోలే. మామూలు ఫోటో, థర్మల్ ఫోటో రెండూ సేవ్ అయ్యేలా పెట్టండి. రెట్ట ఏదో, పగులు ఏదో మామూలు ఫోటోలోనే తెలుస్తుంది.
- హై గెయిన్ మోడ్. ఇది 150 డిగ్రీల వరకు కొలుస్తుంది, ప్యానెళ్లకి సరిపోతుంది.
- ఎమిసివిటీ 0.85. ఒక వస్తువు తన వేడిని ఎంత మేర బయటికి వెదజల్లుతుందో చెప్పే అంకె ఇది. గాజుకి సాధారణంగా వాడే విలువ ఇదే. ఏది పెట్టినా ప్రతిసారీ అదే పెట్టండి. లేకపోతే ఈ ఏడాది ఫోటోలను పోయినేటి ఫోటోలతో పోల్చలేరు.

రంగుల పాలెట్ ఏదైనా పర్వాలేదు. అది కంటికి కనిపించేదే, లోపల ఉన్న ఉష్ణోగ్రత మారదు.

4. మొదటి విడత: 20 మీటర్ల ఎత్తు

ఈ కెమెరాకి ప్యానెల్ నుంచి 20 మీటర్ల ఎత్తులో ఒక పిక్సెల్ 2.6 సెంటీమీటర్లు. ప్రమాణం అడిగేది 3 సెంటీమీటర్లు లేదా అంతకన్నా చిన్నది. 40 మీటర్లకి వెళ్తే పని సగం సమయంలో అయిపోతుంది, కానీ హాట్‌స్పాట్ వేడి పక్క సెల్స్‌తో కలిసిపోయి 25 డిగ్రీల తేడా కాస్తా పది డిగ్రీలుగా కనిపిస్తుంది. తక్కువ ఫోటోలతో ముగిద్దామనుకునేవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

20 మీటర్ల దగ్గర ఒక ఫోటో సుమారు 17 × 13.5 మీటర్ల నేలను చూపిస్తుంది. సెకనుకి 2 మీటర్ల వేగం, రెండు సెకన్లకి ఒక ఫోటో పెడితే ముందు వెనకల ఓవర్‌ల్యాప్ 70 శాతం వస్తుంది. పక్క గీతల మధ్య 6.8 మీటర్ల దూరం ఉంచండి. వేగం 3 మీటర్లు దాటితే థర్మల్ ఫోటో మసకబారుతుంది, సెల్ అంచులు చెరిగిపోతాయి.

ఐదెకరాల స్థలానికి ఇలా సుమారు 3 కిలోమీటర్ల ప్రయాణం, 700 ఫోటోలు. మలుపులతో కలిపి అరగంట పైనే. రెండు బ్యాటరీలు తీసుకెళ్లండి. బ్యాటరీ మార్చినప్పుడు ఎండ తీవ్రత మళ్లీ రాసుకోండి.

5. అనుమానితులను ఏరండి

కంప్యూటర్‌లో ఫోటోలు తెరిచి, రంగుల పరిధిని ఒకే చోట లాక్ చేయండి. ఉదాహరణకి 35 నుంచి 70 డిగ్రీలు. ఆటో స్కేల్ వదిలేస్తే, ఫోటోలో ఉన్న 3 డిగ్రీల తేడాను కూడా నీలం నుంచి ఎరుపు దాకా సాగదీసి చూపిస్తుంది. మొదట్లో చెప్పిన "ఎక్కడ చూసినా ఎర్రటి చుక్కలే" అన్న ఫిర్యాదులో ఎక్కువ భాగం ఇదే.

ఇప్పుడు వరస ఫోటోలను ఒకదాని తర్వాత ఒకటి గబగబా తిప్పుతూ చూడండి. ఎండ ప్రతిబింబాన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా నమ్మకమైన ఉపాయం ఇది. సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు, ప్యానెళ్లన్నీ ఒకే వాలులో ఉన్నాయి. కాబట్టి డ్రోన్ ముఖం తిప్పకుండా సాగుతున్నంతసేపు ప్రతిబింబం స్క్రీన్ మీద ఒకే చోట అతుక్కుని ఉంటుంది, దాని కింద ప్యానెళ్లు జరిగిపోతుంటాయి. నిజమైన హాట్‌స్పాట్ మాత్రం తన ప్యానెల్‌తో పాటే స్క్రీన్ మీద జరుగుతుంది. నాలుగు ఫోటోలు తిప్పితే చాలు, తెలిసిపోతుంది.

ప్రతిబింబాలు పోగా మిగిలినవాటి ఆకారం చూడండి.

*ఒక్క సెల్, లేదా సెల్‌లో కొంత భాగం వేడి:* మామూలు ఫోటో తెరిచి చూడండి. రెట్ట, ఎండుటాకు, పక్కన పెరిగిన గడ్డి నీడ ఏదీ లేకపోతే పగిలిన సెల్ కావచ్చు.

*ప్యానెల్‌లో మూడో వంతు, పట్టీలాగా కొంచెం వేడి:* ఒక్కో ప్యానెల్‌లో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, ఒక్కోటి మూడో వంతును చూసుకుంటుంది, ఆ భాగం చెడితే కరెంటును దాన్ని దాటించి పంపుతుంది. ఆ భాగం పనిలో నుంచి తప్పుకుందని అర్థం. తేడా కొద్ది డిగ్రీలే ఉంటుంది కాబట్టి కళ్లు జారిపోతాయి. కానీ ఆ ప్యానెల్ ఇచ్చే పవర్‌లో మూడో వంతు పోతున్నట్టే.

*ప్యానెల్ మొత్తం ఒకే తీరుగా వేడి:* దాని కరెంటును ఎవరూ తీసుకోవడం లేదు. వరసగా 28 ప్యానెళ్లు ఇలా ఉంటే స్ట్రింగ్ తెగింది.

*అక్కడక్కడా గళ్లగళ్లుగా, ఫ్రేమ్ దగ్గరున్న సెల్స్ ఎక్కువ వేడిగా:* ఇది వరసలో చాలా ప్యానెళ్లలో కనిపిస్తే, ఎక్కువ వోల్టేజ్ వల్ల సెల్స్ మెల్లగా బలహీనపడే పీఐడీ అనే లోపాన్ని అనుమానించాలి. దీన్ని ఫోటోతో తేల్చలేరు, కరెంటు, వోల్టేజ్ కలిపి కొలిచే ఐవీ కర్వ్ టెస్ట్ చేయించాలి.

6. రెండో విడత: 10 మీటర్లకు దిగండి

హాఫ్‌కట్ సెల్ చిన్న వైపు 9 సెంటీమీటర్లే. 20 మీటర్ల నుంచి అది మూడు పిక్సెళ్లు. అనుమానం రావడానికి అది చాలు, ఉష్ణోగ్రత రాయడానికి చాలదు. అందుకే అనుమానితుల దగ్గరికి మాత్రమే 10 మీటర్లకు దిగి, ఒక్కోదానికి రెండు ఫోటోలు తీయండి. ఒకటి కెమెరా నిట్టనిలువుగా కిందికి. రెండోది డ్రోన్ ముక్కు ఉత్తరానికి పెట్టి, కెమెరా -75 డిగ్రీలకు వంచి. ఇలా వంచితే ప్యానెల్‌ను నేరుగా ఎదురుగా చూసినట్టు అవుతుంది, చలికాలపు సూర్యుడి ప్రతిబింబం కూడా పక్కకి తప్పుకుంటుంది. రెండిట్లోనూ అదే సెల్ వేడిగా ఉంటేనే జాబితాలో రాయండి.

7. ఉష్ణోగ్రత తేడా లెక్కించండి

ఒక ప్యానెల్ 65 డిగ్రీలు ఉందంటే దానికదే ఏమీ చెప్పదు. ఎండాకాలంలో మంచి ప్యానెల్ కూడా అంత కాగుతుంది. చూడాల్సింది అదే ప్యానెల్‌లోని మామూలు సెల్స్‌తో తేడా. ఫోటోలు తక్కువైతే Thermal Analysis Tool లోనే వేడి సెల్ మీద ఒక చిన్న డబ్బా, పక్కన మంచి సెల్స్ మీద ఒక డబ్బా గీసి తేడా తీసుకోండి. ఎక్కువుంటే డీజేఐ ఉచితంగా ఇచ్చే థర్మల్ ఎస్‌డీకేతో ఉష్ణోగ్రతలను బయటికి తీయవచ్చు:

```
dji_irp -s 0412_T.JPG -a measure -o 0412.raw --measurefmt float32 --emissivity 0.85 --distance 10
```

ఆ ఫైలును పైథాన్‌లో ఇలా చదవండి. నాలుగు అంకెలు ఆ ఫోటోలో మీ ప్యానెల్ హద్దులు, ముందు వరసలు, తర్వాత నిలువులు. హద్దులను ఫ్రేమ్ తగలకుండా రెండు పిక్సెళ్లు లోపలికి తీసుకోండి.

```python
import numpy as np
t = np.fromfile("0412.raw", dtype=np.float32).reshape(512, 640)
p = t[172:334, 282:364]
mid = np.median(p)
hot = np.percentile(p, 99.5)
print(mid, hot, hot - mid)
```

గరిష్ఠం తీసుకోకుండా 99.5 ఎందుకంటే, 144 హాఫ్‌కట్ సెల్స్ ఉన్న ప్యానెల్‌లో ఒక సెల్ అంటే 0.7 శాతం. కాబట్టి ఒక్క సెల్ వేడెక్కినా ఈ లెక్క దాన్ని పట్టుకుంటుంది, చెడిపోయిన ఒక్క పిక్సెల్ మాత్రం దీన్ని మోసం చేయలేదు.

అనంతపురం ప్లాంట్‌లో ఒక ప్యానెల్‌కి మధ్యస్థం 46.2, వేడి సెల్ 71.8 వచ్చింది. తేడా 25.6 డిగ్రీలు. ఆ సమయానికి ఎండ 780 వాట్లు. దీన్ని 1000 వాట్లకు మార్చితే:

```
25.6 × 1000 / 780 = 32.8
```

ఇలా మార్చితేనే వేరే రోజు తీసిన కొలతతో పోల్చగలరు. ఇది ఉజ్జాయింపు లెక్క, 600 వాట్ల కింద నమ్మకండి. ఈ సవరించిన తేడా 10 లోపు ఉంటే నేను రాసి పెట్టుకుని మళ్లీ విడతలో చూస్తాను. 10 నుంచి 20 అయితే తర్వాతి మెయింటెనెన్స్‌లో పరీక్ష. 20 దాటితే ఆ వారంలోనే దగ్గరికి వెళ్లి చూడాలి. ఇవి నా పని అనుభవంతో పెట్టుకున్న గీతలు. కంపెనీ వారంటీకి వేరే గీత ఉండొచ్చు, వారంటీ కాగితం చూడండి.

ఆర్థోమొజాయిక్ కావాలా?

ఆర్థోమొజాయిక్ అంటే ఫోటోలన్నీ కుట్టి చేసిన ఒకే పెద్ద మ్యాప్. ఒక మెగావాట్‌కి అక్కర్లేదని నా అభిప్రాయం. పెద్ద ప్లాంట్‌కి, లేదా ఓనర్ మ్యాప్ అడిగితే, మెటాషేప్ లేదా వెబ్ఓడీఎంతో కుట్టండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఫోటోలు కుట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒకే చోటు ఉన్న నాలుగైదు ఫోటోలను కలిపి సగటు తీస్తుంది, హాట్‌స్పాట్ వేడి తగ్గిపోతుంది. మ్యాప్ నుంచి చోటు తీసుకోండి, ఉష్ణోగ్రత మాత్రం విడి ఫోటో నుంచే తీసుకోండి.

జీపీఎస్‌ను సెంటీమీటర్ల దాకా సరిచేసే ఆర్‌టీకే లేని డ్రోన్‌లో చోటు ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ప్యానెల్ వెడల్పు 1.13 మీటర్లే కాబట్టి, ఫోటోలోని జీపీఎస్ నమ్మి పక్క ప్యానెల్ విప్పిన వాళ్లను చూశాను. వరస చివర నుంచి లెక్కపెట్టి "వరస 9, టేబుల్ 4, పై వరస, ఎడమ నుంచి 6" అని రాయడమే మేలు.

8. నేల మీద నిర్ధారించండి

జాగ్రత్త: 28 ప్యానెళ్ల స్ట్రింగ్‌లో దాదాపు 1400 వోల్ట్ల డీసీ ఉంటుంది. కరెంటు పారుతుండగా ప్యానెల్ కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగితే ఆర్క్ వస్తుంది, చేతులు కాలిపోతాయి. ముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసొలేటర్ స్విచ్ ఆఫ్ చేసి, క్లాంప్ మీటర్‌లో సున్నా చూసాకే కనెక్టర్ ముట్టుకోండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ లేకుండా ఈ అడుగు వేయకండి.

స్ట్రింగ్ తెగిందని అనుమానం ఉంటే, ప్లాంట్ నడుస్తుండగానే స్ట్రింగ్ కేబుల్‌కి క్లాంప్ మీటర్ పట్టండి. మేం చూసినప్పుడు మిగతా స్ట్రింగులు 10 ఆంపియర్ల దగ్గర ఉంటే, అనుమానం ఉన్నది సున్నా. ఫ్యూజ్ బాగానే ఉంది. ఆరో ప్యానెల్ వెనక ఎంసీ4 కనెక్టర్ పూర్తిగా కూర్చోలేదు, లోపల పిన్ నల్లబడింది. చిన్న కనెక్టర్ వల్ల 28 ప్యానెళ్ల కరెంటు ఎన్ని నెలలుగా పోయిందో!

డయోడ్ అనుమానం అయితే, స్ట్రింగ్ ఐసొలేట్ చేసి ఆ ఒక్క ప్యానెల్‌ను విడదీసి, ఎండలోనే దాని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ కొలవండి. పక్క ప్యానెల్ 47 చూపిస్తుంటే ఇది 31 దగ్గర ఉందంటే డయోడ్ షార్ట్ అయినట్టు. సరిగ్గా మూడో వంతు పడిపోవడమే గుర్తు.

ఒక్క సెల్ వేడి అయితే, ముందు గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. నేను మొదట చెప్పిన 71.8 డిగ్రీల సెల్‌కి మామూలు ఫోటోలో ఏమీ కనపడలేదు. తుడిచినా వేడి తగ్గలేదు. ప్యానెల్ వెనక్కి వెళ్లి చూస్తే ఆ సెల్ వెనక బ్యాక్‌షీట్ రూపాయి బిళ్ల అంత మేర గోధుమ రంగులోకి తిరిగి, వేలు పెడితే బుడగలా ఉబ్బి తగిలింది. (చేతికి గ్లవ్ ఉండాలి, ఐసొలేట్ చేసి ఉండాలి.) బ్యాక్‌షీట్ కాలిన ప్యానెల్‌ను ఇంకో రోజు కూడా నడపకండి. స్ట్రింగ్ నుంచి తీసేయండి.

9. వారంటీకి పంపాలంటే

థర్మల్ ఫోటో ఒక్కటే పంపితే వెనక్కి వస్తుంది. అదే ప్యానెల్ మామూలు ఫోటో, వెనక సీరియల్ నంబర్ ఫోటో, తేదీ, సమయం, ఎండ తీవ్రత, గాలి, ఎమిసివిటీ, ఎత్తు, ఇన్వర్టర్ ఆ సమయానికి నడుస్తున్నట్టు లాగ్ ముక్క, అన్నీ కలిపి ఒక్క పేజీలో పెట్టండి.

10. మార్చాక మళ్లీ ఎగరండి

మొత్తం ప్లాంట్ అక్కర్లేదు, బాగుచేసిన చోట్లకే 10 మీటర్ల ఎత్తులో, అవే సెట్టింగులతో. కనెక్టర్ మార్చిన స్ట్రింగ్ ఇప్పుడు పక్క స్ట్రింగుల రంగులోనే కలిసిపోవాలి. మేం ఎనిమిది రోజుల తర్వాత వెళ్తే అలాగే కలిసిపోయింది. కానీ మార్చిన ప్యానెల్ పక్కదానిలో కొత్తగా ఒక సెల్ 12 డిగ్రీల తేడాతో వెలిగింది. మామూలు ఫోటో తెరిస్తే, ప్యానెల్ బిగించేటప్పుడు ఎవరో దాని మీద వదిలేసిన టేపు ముక్క. తీసేసి పది నిమిషాల తర్వాత ఇంకో ఫోటో తీశాం, తేడా 1.4కి పడిపోయింది.